పోర్ట్రెయిట్‌కు అర్థం ఎక్కడి నుంచి వస్తుంది?

పాస్‌పోర్టు ఫొటోకు కచ్చితమైన నియమాలుంటాయి. వెనక తెల్లని తెర ఉండాలి, ముఖం మీద గానీ తెర మీద గానీ నీడ పడకూడదు, తల నిటారుగా మధ్యలో ఉండాలి, కళ్లు నేరుగా కెమెరాను చూడాలి. ఆ మనిషి ఎవరో తెలియడమే ఇక్కడ కావలసింది. ఎలాంటి మనిషో తెలియనక్కర్లేదు. నీడ లేకపోతే వెలుగు ఏ వైపు నుంచి వచ్చిందో తెలియదు. తెల్లని తెర ఉంటే మనిషి ఎక్కడున్నాడో తెలియదు. అందరినీ ఒకే కొలతలో మధ్యలో కూర్చోబెడితే ఎవరికి దేనితో సంబంధమో తెలియదు. ఫొటోగ్రఫీ నేర్పేవారు పోర్ట్రెయిట్ పాఠాన్ని ఇక్కడ మొదలుపెడితే విద్యార్థికి దారి స్పష్టంగా కనిపిస్తుంది. వెలుగు, ఫ్రేము, కూర్పు ఏమీ చెప్పకుండా పాస్‌పోర్టు ఫొటో జాగ్రత్త పడుతుంది. పోర్ట్రెయిట్ తీసేవారు ఆ మూడింటి చేతా మాట్లాడిస్తారు.

ఎలా మాట్లాడిస్తారో చూడాలంటే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆర్నాల్డ్ న్యూమన్ (1918–2006) తీసిన రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి చూడటం మంచి పద్ధతి. న్యూమన్ చదువుకున్నది చిత్రలేఖనం. డబ్బు లేక చదువు ఆగిపోయి, 1938లో ఫిలడెల్ఫియాలోని ఒక ఫొటో స్టూడియోలో పనికి చేరారు. అక్కడ ఒక్కో పోర్ట్రెయిట్ 49 సెంట్లు. కుర్చీ, తెర, దీపాలు ఉన్నచోటే ఉంటాయి. మనుషులు ఒకరి తరవాత ఒకరు వచ్చి కూర్చుని లేచి వెళతారు. తరవాతి జీవితమంతా న్యూమన్ ఈ పద్ధతికి ఎదురు దిశలోనే నడిచారు. మనిషిని స్టూడియోకు రప్పించకుండా, మనిషి పనిచేసే చోటికి కెమెరాను మోసుకెళ్లారు. అక్కడి వస్తువులనూ గోడలనూ ముఖంతో సమానంగా పట్టించుకున్నారు.

మొదటి ఫొటో సంగీతకర్త ఇగోర్ స్ట్రావిన్‌స్కీది. 1946లో న్యూయార్క్‌లో, హార్పర్స్ బజార్ పత్రిక కోసం తీసింది. అప్పటికి స్ట్రావిన్‌స్కీ వయసు 64 ఏళ్లు. ఫొటోలో ఎక్కువ భాగం ఆయన లేరు. ఎడమవైపు కింది మూలన, నడుము పై భాగం మాత్రం కనిపించేలా, పియానో మీద మోచెయ్యి ఆనించి చేతికి తల చేర్చి కూర్చున్నారు. మిగిలిన చోటంతా గ్రాండ్ పియానోది. తెరిచి నిలబెట్టిన దాని నల్లని మూత లేత రంగు గోడ ముందు పెద్ద ఆకారంలా లేచి ఉంటుంది. పాశ్చాత్య స్వరలిపిలో స్వరాన్ని అర మెట్టు దించడానికి ఫ్లాట్ అనే గుర్తు వాడతారు: ఒక నిలువు గీత, దాని అడుగున ఒక పక్కకు ఉబ్బిన వంపు. పియానో మూత న్యూమన్‌కు ఆ గుర్తులా కనిపించింది. సంగీతం తెలియనివారికి ఆ పోలిక తట్టకపోవచ్చు. అయినా ఆ ఆకారంలోని కరకుదనం, బిగువు, అలంకారం లేని అందం ఎవరికైనా తెలుస్తాయి. అవి స్ట్రావిన్‌స్కీ సంగీతంలో ఉన్న గుణాలే.

ఈ ఫొటో కెమెరాలో ఇలాగే పుట్టలేదు. న్యూమన్ గుర్తులు పెట్టుకున్న కాంటాక్టు ప్రింటు చాలా పుస్తకాల్లో అచ్చయింది. నెగటివ్‌లో గది ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది, మనిషి చుట్టూ ఖాళీ ఇంకా ఉంటుంది. న్యూమన్ దాని మీద గీతలు గీసి, అవసరం లేనిదంతా కోసేసి, అడ్డంగా సాగిన సన్నని చట్రంలోకి తెచ్చారు. ఇక్కడ ఫ్రేము చేసిన పనిని విడిగా చూడాలి. గది మొత్తం కనిపించినంతసేపూ పియానో ఒక సామాను. గదిని కోసేశాక అది ఆకారమైంది. మనిషి స్థానం మారలేదు, వెలుగు మారలేదు, పియానో కదల్లేదు. అంచులు మాత్రమే దగ్గరికి వచ్చాయి. అంచు ఎక్కడ పడితే అక్కడి వరకే లోకం. ఫొటోలో ఉన్నవాటికి ఒకదానితో ఒకటి సంబంధం కలపడం తప్ప చూసేవారికి వేరే దారి ఉండదు. న్యూమన్ వారికి రెండే మిగిల్చారు, మనిషిని, మూతను.

కూర్పు అంటే ఆ రెండింటికీ ఎంత చోటు, ఎక్కడ ఇవ్వాలన్న నిర్ణయం. గొప్పవాడి ఫొటో అనగానే ముఖాన్ని పెద్దదిగా, మధ్యలో పెట్టాలనిపిస్తుంది. ఇక్కడ మనిషి చిన్నగా, మూలకు ఉన్నా తేలిపోలేదు. అంత పెద్ద నల్లని ఆకారం ఒక పక్కన ఉంటే కన్ను ముందు దాని మీదికే వెళుతుంది, దాని అంచు వెంబడి జారుతుంది. మొత్తం ఫొటోలో మాట్లాడగలిగిన కళ్లు రెండే ఉన్నాయి కాబట్టి చివరికి అక్కడే ఆగుతుంది. మనిషి ముఖం ఎంత చిన్నదైనా చూపును లాగుతుంది. ఈ సంగతి తెలిసినవారే ముఖాన్ని మూలకు పెట్టే ధైర్యం చేయగలరు. హార్పర్స్ బజార్ ఆ ఫొటోను వేసుకోలేదు. ఈనాడు న్యూమన్ పేరు చెప్పగానే మొదట గుర్తొచ్చేది అదే.

రెండో ఫొటో జర్మన్ పారిశ్రామికవేత్త ఆల్‌ఫ్రీడ్ క్రుప్‌ది. దాని అర్థాన్ని ఎక్కువగా మోసింది వెలుగు. అందుకే ఆ ఫొటోలోకి వెళ్లే ముందు వెలుగు ముఖాన్ని ఏం చేస్తుందో కొంచెం నిదానంగా చూడాలి.

మనిషి కన్ను పై నుంచి వచ్చే వెలుగుకు అలవాటు పడింది. సూర్యుడు పైన ఉంటాడు, ఇంట్లో దీపం పైన ఉంటుంది, కిటికీ కూడా కూర్చున్న మనిషి తలకు కొంచెం ఎత్తులోనే ఉంటుంది. అందువల్ల కనుబొమల కింద, ముక్కు కింద, గడ్డం కింద నీడ ఉంటుందని మన మెదడు ముందే అనుకుంటుంది. ముఖంలో ఎత్తుపల్లాలను ఆ నీడలను బట్టే చదువుతుంది. వెలుగు ముఖానికి ఒక పక్కగా, కొంచెం పై నుంచి పడితే ముక్కు నీడ అవతలి చెంప మీదికి వాలి, ముఖానికి గుండ్రదనం వస్తుంది. పూర్తిగా పక్క నుంచి పడితే ముఖం రెండు సగాలుగా విడిపోతుంది, ముడతలూ మచ్చలూ పైకి తేలతాయి. నేరుగా ముందు నుంచి పడితే నీడలన్నీ ముఖం వెనక్కి పోయి పాస్‌పోర్టు ఫొటో మిగులుతుంది. మధ్యాహ్నపు ఎండలా నడినెత్తి మీద పడితే కళ్లు గుంటల్లోకి వెళ్లిపోతాయి. కింది నుంచి పడితే అన్నీ తలకిందులవుతాయి. నీడ ఉండాల్సిన చోట వెలుగు, వెలుగు ఉండాల్సిన చోట నీడ వస్తాయి. ఎరిగిన ముఖమే పరాయిదిగా కనిపిస్తుంది. రాత్రి దీపాలన్నీ ఆర్పి, అద్దం ముందు నిలబడి, ఫోను టార్చిని గడ్డం కింద నుంచి మెల్లగా చెవి పక్కకూ, అక్కడి నుంచి నుదుటి పైకీ తిప్పి చూస్తే ఇదంతా ఎవరికైనా రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ముఖం కదలకుండానే అందులోని భావం మారిపోతూ ఉంటుంది.

దిశతో పాటు చూడాల్సింది నీడ అంచు. వెలుగు వచ్చే చోటు మనిషితో పోలిస్తే చిన్నదైతే నీడ అంచు కత్తిరించినట్టు ఉంటుంది, పెద్దదైతే మెత్తగా కరిగిపోతుంది. సూర్యుడు నిజానికి ఎంత పెద్దవాడైనా మన కంటికి కనిపించేది చిన్న బిళ్ల; అందుకే ఎండలో నీడ కరుకు. అదే ఎండ మబ్బులో నుంచి వస్తే ఆకాశమంతా దీపమవుతుంది, నీడ మెత్తబడుతుంది. నాలుగడుగుల కిటికీ పక్కనే కూర్చున్న మనిషికి ఆ కిటికీ పెద్ద దీపం. గది అవతలి మూలకు జరిగితే అదే కిటికీ చిన్న దీపం. దూరం పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుందని అందరికీ తెలుసు. నీడ కరుకుగా మారుతుందన్నది మాత్రం చాలామంది గమనించరు.

ఇక క్రుప్ సంగతి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నిర్బంధ శిబిరాల నుంచి తెచ్చిన ఖైదీల చేత క్రుప్ కర్మాగారాల్లో బానిస చాకిరీ చేయించారు. 1948లో న్యూరెంబర్గ్‌లో అమెరికా సైనిక న్యాయస్థానం ఆల్‌ఫ్రీడ్ క్రుప్‌ను దోషిగా తేల్చి 12 ఏళ్ల శిక్ష వేసింది, ఆస్తుల జప్తుకూ ఆదేశించింది. 1951లోనే అతను విడుదలయ్యాడు, ఆస్తులూ తిరిగి చేతికొచ్చాయి. 1963లో న్యూస్‌వీక్ పత్రిక అతని ఫొటో తీయమని న్యూమన్‌ను అడిగింది. న్యూమన్ యూదుడు. మొదట ఇష్టపడలేదు, తరవాత వెళ్లారు.

ఎస్సెన్‌లోని కర్మాగారంలో, కింద పని జరిగే చోటు వెనక కనిపించేలా, ఎత్తుగా కట్టించిన వేదిక మీద క్రుప్‌ను కూర్చోబెట్టారు. రెండు పక్కలా రెండు దీపాలు తక్కువ ఎత్తులో పెట్టారు. కొంచెం ముందుకు వంగమని అడిగారు. క్రుప్ రెండు చేతులూ కలిపి, వేళ్లు పెనవేసి, గడ్డం కింద పెట్టుకుని ముందుకు వంగాడు. అంతే, ఆ దీపాల వెలుగు ముఖానికి రెండు అంచుల మీదా పడి, మధ్యలో కళ్లూ ముక్కూ నోరూ ఉన్న భాగం నీడలోకి వెళ్లింది. మామూలు పోర్ట్రెయిట్‌లో ముఖం మధ్యభాగం వెలిగి, అంచులు నీడలో ఉంటాయి. ఇక్కడ సరిగ్గా దానికి తిరగబడింది. కళ్లు ఆ నీడలో నుంచి నేరుగా కెమెరాలోకి చూస్తుంటాయి.

రంగు కూడా ఇందులో చేరింది. కర్మాగారం పైకప్పుకు ఫ్లోరసెంట్ దీపాలున్నాయి. ఆ దీపాల వెలుగులో ఆకుపచ్చ పాలు ఎక్కువ. మన కన్ను కాసేపట్లోనే దానికి అలవాటు పడి, తెల్లని వెలుగనే అనుకుంటుంది. కలర్ ఫిల్ముకు అలా సర్దుకోవడం చేతకాదు; ఉన్న ఆకుపచ్చను ఉన్నట్టే పట్టుకుంటుంది. దాన్ని తగ్గించడానికి ఫొటోగ్రాఫర్లు లెన్సు ముందు ఫిల్టరు పెడతారు. న్యూమన్ పెట్టలేదు. చర్మానికీ వెనకనున్న కర్మాగారానికీ జబ్బుపడిన ఆకుపచ్చ ఛాయ వచ్చింది.

కూర్పు సంగతికొస్తే స్ట్రావిన్‌స్కీని మూలకు పెట్టిన మనిషే క్రుప్‌ను సరిగ్గా నడిమధ్యలో పెట్టారు. రెండు పక్కలా నల్లని స్తంభాలు, వాటి మధ్య వెనక్కి పోతున్న కర్మాగారం, ముందు ఆ తల. పాస్‌పోర్టు ఫొటోలో ముఖం మధ్యలో ఉంటే ఏమీ అనిపించదు, చుట్టూ ఏమీ ఉండదు కాబట్టి. ఇక్కడ చుట్టూ ఉన్న గీతలన్నీ ఆ తల దగ్గరికే వచ్చి చేరతాయి, చూపుకు పక్కకు తప్పుకునే దారి దొరకదు. వెనకున్నదంతా ఇతని గుప్పిట్లో ఉందన్న భావం కలుగుతుంది. ఫొటో బయటికి వచ్చాక క్రుప్ పక్షం వారు మండిపడ్డారు. న్యూమన్ మాత్రం తన ఉద్దేశాన్ని ఎన్నడూ దాచుకోలేదు.

ఇక్కడ ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. చేతులు గడ్డం కింద పెట్టుకుని ముందుకు వంగడంలో తప్పేమీ లేదు. శ్రద్ధగా వింటున్న మాస్టారూ అలాగే కూర్చుంటారు. ఆ భంగిమకు క్రూరత్వం తెచ్చింది వెలుగు. అంటే ఏ తప్పూ ఎరుగని మనిషిని కూర్చోబెట్టి అవే దీపాలు పెట్టినా అలాంటి ముఖమే వస్తుంది. పోర్ట్రెయిట్ ఆ మనిషి గురించి చెప్పే మాట కన్నా ముందు, తీసినవారు ఆ మనిషి గురించి ఏమనుకుంటున్నారో చెబుతుంది. క్రుప్ విషయంలో ఆ అభిప్రాయానికి న్యాయస్థానం తీర్పు, చరిత్ర ఆధారంగా ఉన్నాయి. ఆధారం లేని చోట అదే వెలుగు వాడటం మనిషికి అన్యాయం చేయడమే. ఫొటోగ్రఫీ తరగతిలో ఈ మాటను దీపాల పాఠంతో పాటే చెప్పాలి, విడిగా నీతిపాఠంలా కాదు.

ఈ రెండు ఫొటోల్లో కనిపించినదంతా ఖరీదైన దీపాలు లేకుండా ఎలా పనికొస్తుందో చూడటానికి, పోచంపల్లిలోనో చీరాలలోనో గుంటమగ్గం మీద పనిచేసే నేతకారుడి పోర్ట్రెయిట్ తీయాల్సి వచ్చిందనుకుందాం. చేతిలో ఉన్నది ఫోను కెమెరా. గదిలో ఒక పక్క తలుపో కిటికీయో ఉంది, పైన ట్యూబులైటు వెలుగుతోంది.

మొదట చేయాల్సిన పని ఆయనను అడిగి ట్యూబులైటు ఆర్పడం. అది వెలుగుతున్నంతసేపూ రెండు రంగుల వెలుగులు కలిసి, ముఖంలో ఒక పక్క నీలంగా, ఒక పక్క పసుపుగానో ఆకుపచ్చగానో వస్తుంది. ఎన్ని దీపాలు పనిచేస్తున్నాయో ముక్కు కింద చూస్తే తెలుస్తుంది: రెండు నీడలుంటే రెండు దీపాలున్నట్టే. ట్యూబులైటు ఆరిపోగానే గది చీకటిగా అనిపిస్తుంది, కానీ కిటికీ వెలుగు దిశ అప్పుడే కంటికి ఆనుతుంది. కిటికీలో నుంచి ఎండ నేరుగా పడుతుంటే పల్చని తెల్ల పంచె ఒకటి కట్టితే చాలు, చిన్న దీపం పెద్ద దీపమవుతుంది. అవతలి చెంప మరీ నల్లబడితే, కెమెరాకు కనిపించకుండా ఆ పక్కన తెల్లని దుప్పటి పట్టుకుంటే కొంత వెలుగు తిరిగి ముఖం మీదికి వస్తుంది. ఎంత తిరిగి రావాలన్నది అర్థానికి సంబంధించిన నిర్ణయమే. నీడ లోతుగా ఉంటే పనిలోని ఒంటరితనం తెలుస్తుంది, తేలికగా ఉంటే ఇంటి వాతావరణం తెలుస్తుంది.

తరవాత కెమెరా ఎత్తు. గుంటమగ్గం మీద పనిచేసేవారు కాళ్లు గుంటలో పెట్టి దాదాపు నేల మట్టానికి కూర్చుంటారు. నిలబడి తీస్తే కెమెరా వారి నడినెత్తిని చూస్తుంది. నుదురు పెద్దదై, కళ్లు వాలిపోయి, మనిషి చిన్నబోతాడు. జాలి పుట్టించే ఫొటోలు చాలా వరకు ఇలా తీసినవే, తీసినవారికి ఆ ఉద్దేశం లేకపోయినా. నేల మీద కూర్చుని కెమెరాను ఆయన కళ్ల ఎత్తుకు తెస్తే ఇద్దరు సమానుల మధ్య చూపవుతుంది.

దూరం ఇంకో సంగతి. చెవికీ ముక్కు కొసకూ మధ్య సుమారు 12 సెంటీమీటర్లుంటుంది. కెమెరాను ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే చెవి 42 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ముక్కు కన్నా చెవి నలభై శాతం ఎక్కువ దూరం కాబట్టి ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. సెల్ఫీల్లో ముఖం వేరుగా కనిపించడానికి పెద్ద కారణం ఇదే. మీటరున్నర దూరానికి జరిగితే ఆ తేడా ఎనిమిది శాతానికి దిగి, ముఖం ఉన్నట్టే వస్తుంది. మగ్గం దగ్గర ఈ దూరం ఇంకో మేలు చేస్తుంది: పడుగు దారాలు ఫ్రేములోకి వస్తాయి. పడుగుకు ఎదురుగా కూర్చుంటే ఆ వందల దారాలూ కెమెరా దగ్గర నుంచి బయలుదేరి నేతకారుడి చేతుల వైపు సాగుతాయి. చూపును ఆయన దగ్గరికి చేర్చే పని ఆ దారాలే చేస్తాయి. పక్క నుంచి తీస్తే అవే దారాలు ఫొటోను అడ్డంగా కోసే గీతలవుతాయి, మనిషి వాటి చివర ఆగిపోతాడు. ఏది మంచిదని కాదు. మొదటిది ఆయన పని గురించి, రెండోది ఆ పని ఎంత సాగేదో దాని గురించి చెబుతుంది.

ఫోనులోని పోర్ట్రెయిట్ మోడ్ ఇక్కడ పనికిరాదు. అది ముఖం చుట్టూ ఉన్నదాన్ని లెక్కగట్టి మసకబారుస్తుంది. సన్నని దారాల దగ్గర ఆ లెక్క తప్పి అంచులు చిందరవందరగా వస్తాయి. అంచులు సరిగా వచ్చినా నష్టమే, ఎందుకంటే మగ్గాన్ని మసక చేశాక మిగిలేది ఎవరో ఒక పెద్దాయన ముఖం. ముడతలు మాయం చేసే బ్యూటీ సవరణ కూడా ముందే ఆపేయాలి. స్ట్రావిన్‌స్కీ ఫొటోను చూసిన ఉత్సాహంలో నేతకారుణ్ణి మూలకు పెట్టాలనిపించవచ్చు. ఫోనులోని వెడల్పు లెన్సు అంచుల దగ్గర తలను పక్కకు సాగదీస్తుంది. కాబట్టి మూలకు కావాలంటే కొంచెం వెనక్కి జరిగి, మనిషిని మధ్యకు దగ్గరగా ఉంచి తీసి, తరవాత కత్తిరించుకోవాలి. న్యూమన్ చేసిందీ కత్తిరించడమే.

వెలుగు పాళ్లను ఫోనుకే వదిలేస్తే ఇంకో తప్పు జరుగుతుంది. ఫ్రేము మొత్తాన్ని సగటు బూడిద రంగుకు తీసుకురావాలని కెమెరా చూస్తుంది. గది ఎక్కువగా చీకటి కాబట్టి దాన్ని వెలిగించబోయి, చామనఛాయ ముఖాన్ని పాలిపోయేలా చేస్తుంది, కిటికీ పక్క చెంప తెల్లగా మాడిపోతుంది. తెర మీద ముఖాన్ని వేలితో తాకి, వెలుగును కిందికి జరుపుతూ, వెలిగే చెంప మీద చర్మం రంగూ గీతలూ తిరిగి కనిపించే చోట ఆపాలి. మూలల్లో చీకటి మిగిలితే మిగలనివ్వాలి. వెలుగు తక్కువ కాబట్టి నాడె విసిరే చెయ్యి కొంచెం చెదిరి వస్తుంది. ముఖం నిలకడగా ఉండి చెయ్యి మాత్రం చెదిరితే పని జరుగుతోందని తెలుస్తుంది. ముఖం కూడా చెదిరితే ఆ ఫొటో పోయినట్టే. పోగు లాగి ఒక్క క్షణం ఆగే లయ ఒకటి నేతలో ఉంటుంది. కాసేపు చూస్తూ కూర్చుంటే అది పట్టుబడుతుంది, అప్పుడు నొక్కాలి.

తీశాక ఫొటో నిలబడిందో లేదో చూసుకోవడానికి ముఖాన్ని బొటనవేలితో మూసి మిగిలినది చూడాలి. స్ట్రావిన్‌స్కీ ఫొటోలో ముఖం మూసినా సంగీతం మిగులుతుంది. క్రుప్ ఫొటోలో కర్మాగారం, స్తంభాలు, ఆ పచ్చని వెలుగు మిగులుతాయి. నేతకారుడి ఫొటోలో దారాలు, చెయ్యి, ఒక పక్క నుంచి వచ్చే కిటికీ వెలుగు మిగలాలి. ఏమీ మిగలకపోతే ఫ్రేము అంచులు ఎక్కడో తప్పాయి. వేలు తీశాక ముఖం ఆ మిగిలినదానికి ఏ విధంగానూ సంబంధం లేనట్టు కనిపిస్తే, ముఖం మీది వెలుగూ గదిలోని వెలుగూ వేరువేరు దిక్కుల నుంచి వస్తున్నాయేమో మళ్లీ చూసుకోవాలి. ఫ్లాషు వాడిన ఫొటోల్లో ఎక్కువగా కనిపించే లోపం అదే.